చిన్న గదికి పలకల శ్లాబు: గోడ మీద బేరింగు, పలకల మధ్య సందు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెంకుటింటి పెరట్లో ఒక వంటగదో, రోడ్డు పక్కన ఒక కొట్టో కట్టాలంటే గోడలు వారం పది రోజుల్లో లేచిపోతాయి. ఆగేది పైకప్పు దగ్గరే. ఎనభై చదరపు అడుగుల శ్లాబు కోసం సెంట్రింగ్ మేస్త్రి ఒక పట్టాన రాడు, వచ్చినా పెద్ద డాబాకు అడిగే కనీస రేటే దీనికీ అడుగుతాడు. మిక్సర్ అద్దె, కూలీల రోజుకూలీ కూడా అంతే. అందుకే చాలామంది రేకులు వేసి సరిపెడతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానులో ఆ రేకులు ఏమయ్యాయో ఉద్దానం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రేకుకూ, పోత శ్లాబుకూ మధ్య ఒక దారి ఉంది. ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు పలకలను గోడ నుంచి గోడకు పరిచి, సందులు నింపి, పైన పలచని కాంక్రీటు పొర పోయడం. ఇది కొత్త పద్ధతేమీ కాదు. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే పలకలు, చిన్న దూలాలతో ఇలాంటి కప్పులను రూపొందించింది. రంధ్రాలున్న పలకల కప్పులకు 1982 నుంచీ ఐఎస్ 10297 అనే భారత ప్రమాణం ఉంది. రెడీమేడ్ కాంపౌండ్ గోడలు పోసే యార్డుల్లో అచ్చులు, కంకర, నీళ్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి అలాంటి చోట ఈ పలకలు పోయించుకోవడం కష్టం కాదు.

ఇలా వేసిన కప్పులు పాడైన చోట పలక విరిగి పడటం చాలా అరుదు. గొడవంతా రెండు చోట్లే వస్తుంది. ఒకటి పలక గోడ మీద కూర్చునే అంచు, రెండోది పలకకూ పలకకూ మధ్య సందు. కొనేటప్పుడు బేరమంతా పలక మందం మీద సాగుతుంది. కానీ కప్పు కారుతుందా, కదులుతుందా అన్నది తేలేది ఈ రెండు చోట్లే.

ఒక గదిని లెక్కకు తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. లోపలి కొలత 3 మీటర్లు, 2.4 మీటర్లు, అంటే సుమారు పదడుగులు, ఎనిమిదడుగులు. గోడలు సిమెంటు మాలుతో కట్టిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, అంటే 23 సెంటీమీటర్లు. పలకలు పొట్టి వైపే పరవాలి కాబట్టి పలక దాటాల్సిన దూరం 2.4 మీటర్లు. రెండు వైపులా గోడ మీద 10 సెంటీమీటర్ల చొప్పున కూర్చోవాలి కనుక పలక పొడవు 2.6 మీటర్లు. మందం 12 సెంటీమీటర్లు. అడుగు వైపు వెడల్పు 29, పై వైపు 26 సెంటీమీటర్లు. మధ్యలో పొడవునా మూడంగుళాల రంధ్రాలు రెండు, అడుగు భాగంలో 8 ఎంఎం ఊచలు మూడు. ఒక్కో పలక సుమారు 160 కిలోలు తూగుతుంది. రంధ్రాలు లేకుండా పోస్తే రెండు వందలు దాటేది. 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పది పలకలతో గది నిండుతుంది.

పలక గోడ మీద ఎంత లోపలికి కూర్చోవాలి, అంటే బేరింగ్ ఎంత ఉండాలి అన్నది మొదటి ప్రశ్న. బరువు లెక్క చూస్తే సమాధానం వింతగా ఉంటుంది. పలక సొంత బరువు, పై పొర, నీటి వాటం కోసం వేసే మాలు, మనుషుల బరువు అన్నీ కలిపినా ఒక్కో చివర గోడ మీద పడేది సుమారు 230 కిలోలు. పది సెంటీమీటర్ల బేరింగుతో అది 300 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కూడా రాదు. బలహీనమైన నాటు ఇటుక కూడా 35 కిలోలు తట్టుకుంటుంది. ఈ లెక్కన రెండు అంగుళాల బేరింగ్ ఉన్నా ఇటుక నలగదు. పలకలు అమ్మేవాళ్లలో కొందరు “రెండంగుళాలు చాలు సార్” అనేది కూడా అందుకే, వాళ్ల మాటలో ఆ మేరకు అబద్ధం లేదు.

అయినా పది సెంటీమీటర్లు ఎందుకంటే, ఆ జాగా ఇటుక బలం కోసం కాదు, పనిలో జరిగే పొరపాట్ల కోసం. గోడ ఎక్కడో ఒకచోట దారానికి రెండు సెంటీమీటర్లు బయటికో లోపలికో పోతుంది. అచ్చులో పలక పొడవు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. దింపేటప్పుడు ఒక వైపుకు ఇంకో సెంటీమీటరు జరుగుతుంది. గోడ లోపలి అంచున ఇటుక పెచ్చు, పలక చివర కాంక్రీటు పెచ్చు తలా కొంచెం రాలతాయి. ఇవన్నీ ఒకే చివర కలిసివస్తే ఐదు సెంటీమీటర్లు హరించుకుపోతాయి. పదితో మొదలుపెడితే ఐదు మిగులుతుంది. ఐదుతో మొదలుపెడితే పలక గాలిలో ఉన్నట్టే. పని పూర్తయ్యాక కొలిచినా ఎక్కడా ఏడున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదన్న పట్టుదల ఉండాలి. తగ్గిన పలకను “ఎలాగూ పైన కాంక్రీటు పోస్తాం కదా” అని వదిలేయకుండా ఎత్తి సరిచేయించాలి.

ఈ లెక్క బాగా దెబ్బకొట్టేది రెండు గదుల మధ్య గోడ మీద. పక్కపక్కనే రెండు గదులకు పలకలు వేస్తే మధ్య గోడ మీద రెండు వైపుల పలకలూ కూర్చోవాలి. తొమ్మిది అంగుళాల గోడైతే చెరో పది సెంటీమీటర్లు పోగా మధ్యలో మూడు సెంటీమీటర్లు మిగులుతుంది, అందులో కాంక్రీటు దిగుతుంది. నాలుగున్నర అంగుళాల గోడైతే చెరో రెండంగుళాలు కూడా సరిగ్గా దక్కవు. జాగా కలిసొస్తుందని మధ్య గోడ సన్నగా కట్టుకునే అలవాటు ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. అలాంటి గోడ మీద రెండు వైపుల నుంచీ పలకలు దించకూడదు. పలకల దిశ మార్చి మిగతా గోడల మీద కూర్చోబెట్టాలి, లేదంటే ఆ గోడ మీద వెడల్పాటి కాంక్రీటు బీము పోయాలి.

పాత పెంకుటింటి మట్టి గోడల సంగతి వేరు. మనం లెక్క వేసుకున్న గదికి పలకలు, పై పొర, వాటం మాలు కలిపి మూడున్నర టన్నులు దాటుతుంది. పెంకులు, వాసాలు కలిపినా అందులో చిన్న వంతే. మట్టితో కట్టిన గోడ వర్షాకాలంలో చెమ్మెక్కితే ఈ బరువును నమ్మకంగా మోయలేదు. అక్కడ నాలుగు మూలలా కాంక్రీటు స్తంభాలు, వాటి మీద బీములు వేశాకే పలకల మాట ఎత్తాలి. అప్పుడు ఖర్చు పోత శ్లాబుకు దగ్గరగా వెళుతుంది, పలకల వల్ల కలిసొచ్చేది పెద్దగా మిగలదు.

బేరింగ్ కొలత ఎంత సరిగా ఉన్నా పలక కింద పరుపు లేకపోతే ఫలితం ఉండదు. ఇటుక గోడ పైభాగం ఎప్పుడూ అద్దంలా ఉండదు. ఒట్టి ఇటుకల మీద పలక దింపితే అది మూడు నాలుగు గుట్టల మీద మాత్రమే ఆనుతుంది. మనిషి ఎక్కితే ఒక మూల టక్కుమని కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం వల్లే సందులో నింపినది కొన్నాళ్లకు విడిపోతుంది. అందుకని లెవెల్ పైపుతో నాలుగు గోడలూ ఒకే మట్టానికి తెచ్చి, పైవరసను పలచని కాంక్రీటుతో చదును చేసి, పలక దింపే ముందు ఒక సెంటీమీటరుకు కొంచెం పైన మందంతో సిమెంటు మాలు పరచాలి. ఒకటికి నాలుగు పాళ్ల మాలు సరిపోతుంది. మాలు పచ్చిగా ఉండగానే పలక దాని మీద కూర్చోవాలి. పలక బరువుకు అంచు వెంబడి మాలు కొద్దిగా బయటికి ఉబికితే కింద పూర్తిగా నిండినట్టు గుర్తు. ఎక్కడా ఉబకకపోతే అక్కడ ఖాళీ ఉంది.

పలకను దింపాక గడ్డపారతో తోసి సరిచేయడం మేస్త్రీలకు చేయి తిరిగిన పని. అలా తోస్తే మాలు ఒక పక్కకు చేరిపోతుంది, పైవరస ఇటుక కూడా కదిలిపోతుంది. జరపాల్సి వస్తే పైకెత్తి, మాలు మళ్లీ పరిచి దింపాలి. సరుగుడు బాదులు ఏటవాలుగా ఆనించి మోకులతో లాగి ఎక్కించే చోట ఇది కాస్త విసుగు పనే. చైన్ పుల్లీ కట్టుకుంటే పలక నిటారుగా దిగుతుంది, ఈ బాధ ఉండదు. నూటఅరవై కిలోల బరువును తొమ్మిది అడుగుల ఎత్తుకు చేర్చేటప్పుడు కింద ఎవరూ నిలబడకుండా చూసుకోవాల్సిన పని మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఉంటుంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. రంధ్రాల పలక చివర చూస్తే పైనా కిందా ఒకేలా కనిపిస్తుంది. కానీ ఊచలు అడుగునే ఉన్నాయి. తలకిందులుగా పరిస్తే ఇనుము ఉండాల్సిన చోట ఉత్త కాంక్రీటు ఉంటుంది, పలక తన బరువుకే పగలవచ్చు. పై వెడల్పు 26, కింది వెడల్పు 29 ఉన్న అచ్చు ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది, వెడల్పాటి ముఖం ఎప్పుడూ కిందికే. పక్కలు నిటారుగా ఉన్న పలకలైతే అచ్చు విప్పిన రోజే పై ముఖం మీద రంగుతో గుర్తు వేయించాలి. ఊచలు అడుగునే ఉన్నాయి కాబట్టే పలకను నడుము దగ్గర ఒక్క తాడు కట్టి ఎత్తకూడదు, రెండు చివరల నుంచీ అడుగున్నర లోపు తాళ్లు కట్టాలి. ఎండకూ వానకూ అడ్డంగా చూరులా పలకను గోడ బయటికి అడుగున్నర వదలమని ఇంటివాళ్లు అడుగుతుంటారు. బయటికి వేలాడే భాగానికి ఇనుము పైన కావాలి, ఇందులో అది లేదు. సన్ షేడ్ కావాలంటే లింటెల్ దగ్గరే విడిగా పోయించుకోవాలి.

కొనే ముందు పలకను పరీక్షించడం కష్టం కాదు. రెండు చివరలా ఇటుక దిమ్మెల మీద పెట్టి, పొడవునా సమంగా ఐదారు సిమెంటు బస్తాలు పేర్చి ఒక రోజు వదిలేయాలి. కప్పు మీద ఆ పలక మోయాల్సిన అదనపు బరువు దాదాపు అంతే. చివర నుంచి చివరకు దారం లాగి చూస్తే మంచి పలక వంగినట్టు కంటికి ఆనదు, ఎందుకంటే వంపు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. నడుము కింద అడ్డంగా వెంట్రుకవాసి పగులు కనిపించినా, బస్తాలు దించాక వంపు అలాగే మిగిలినా ఆ జట్టు పలకలు వద్దనాలి. చివర రంధ్రాల్లోకి కూడా తొంగి చూడాలి. రంధ్రం కోసం అచ్చులో పెట్టిన పైపు పక్కకో కిందికో జారి ఉంటే రంధ్రం కింద కాంక్రీటు పొర అర అంగుళానికి పడిపోతుంది, ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మిగలదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి అలాంటి ఊచ త్వరగా తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులు ఊడగొడుతుంది. తీరానికి బాగా దగ్గరగా ఉన్న ఇళ్లకు ఈ సన్నపాటి రంధ్రాల పలక కన్నా అడుగున ఊచను కప్పే కాంక్రీటు ఎక్కువ ఉండే గట్టి పలకే నయం.

ఇక సందుల దగ్గరికి వద్దాం. పది పలకలు పక్కపక్కన పడుకున్నంత మాత్రాన అది శ్లాబు కాదు, పది విడి బల్లలు. ఒక పలక మీద మనిషి నిలబడితే అదొక్కటే కొద్దిగా వంగుతుంది, పక్కది కదలదు. ఆ తేడా మిల్లీమీటరులో సగమైనా చాలు, కింద సీలింగ్ మీద సందు వెంబడి గీత పడుతుంది. పైన పడిన వాన ఆ గీత వెంట దిగుతుంది. సందులో గట్టి కాంక్రీటు నిండితే పలకల పక్కలకు పట్టుకుని ఒకదాని బరువును పక్కదానికి అందిస్తుంది. పక్కలు ఏటవాలుగా ఉండటం, మధ్యలో పొడవునా ఒక గాడి ఉండటం ఈ పట్టు కోసమే. నున్నటి నిటారు పక్కల మీద కాంక్రీటు అతుక్కుంటుందే తప్ప పట్టు దొరకదు.

మన గదిలో సందు అడుగున ఒక సెంటీమీటరు, పైన నాలుగు సెంటీమీటర్లు. ముందు అడుగు మూయాలి. కింద నుంచి సన్నటి చెక్క బద్ద ఆనించడం మంచిది, లేకపోతే సందు అడుగున కొబ్బరి తాడు కూరినా పనవుతుంది. తాడు కూరితే అది పైకి ఎక్కి సందు లోతు తినేయకుండా చూసుకోవాలి. తర్వాత పలకల పక్కలకున్న దుమ్ము, అచ్చుకు పూసిన నూనె జిడ్డు ఇనుప బ్రష్‌తో గీకి కడగాలి. పాత ఇంజిన్ ఆయిల్ పూసిన అచ్చుల్లోంచి వచ్చిన పలకలకు ఇది మరీ ముఖ్యం, ఆ జిడ్డు మీద ఏ సిమెంటూ పట్టదు. పొడి పలక కొత్త కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది కాబట్టి ముందు రోజు నుంచే తడపాలి. నింపే సమయానికి పలక లోపల తడిగా ఉండి, పైన నీరు నిలవకుండా ఉంటే సరి.

అడుగున రెండు మూడు సెంటీమీటర్లు ఒకటికి మూడు పాళ్ల మాలు వేసి, దాని మీద వెంటనే సన్న చిప్స్‌తో ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ల కాంక్రీటు నింపాలి. కంకర పది ఎంఎం మించితే సందులో ఇరుక్కుని కింద ఖాళీ మిగులుతుంది. మరీ పొడిగా కలిపితే దిగదు, జావలా కలిపితే ఆరేటప్పుడు కుంచించుకుని పక్కల నుంచి విడిపోతుంది. చేతిలో ఉండ చేస్తే నిలిచి, ఊచతో పొడిస్తే జారేటంత తడి ఉండాలి. ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి జానెడుకూ సన్న ఊచతో పొడుస్తూ పోవాలి. కింద బద్ద దగ్గర సన్నగా సిమెంటు పాలు కారడం కనిపిస్తే అడుగు దాకా దిగినట్టే. సందులు నింపిన రోజు నుంచీ వారం పాటు గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండాలి.

చాలా చోట్ల ఈ పనికి బదులు సిమెంటు నీళ్లు కలిపి సందుల్లో పోసేస్తారు. పైన చూస్తే నిండినట్టే ఉంటుంది, ఆరాక అది సన్నటి పొరగా మిగిలి పగుళ్లు తీస్తుంది. నిజానికి మన గదిలో పలకల మధ్య తొమ్మిది సందులూ కలిపి పట్టే కాంక్రీటు సుమారు 70 లీటర్లు. దానికి ఒక బస్తా సిమెంటు కూడా పూర్తిగా పట్టదు. పది పలకలు కొన్నాక, పుల్లీ అద్దెకు తెచ్చాక ఆ ఒక్క బస్తా దగ్గర పొదుపు చేయడంలో అర్థం లేదు.

సందుల్లో కాంక్రీటు పోసే ముందు ఇంకో రెండు పనులు మరిచిపోకూడదు. పలకల రంధ్రాల చివరలు ఇటుక ముక్క, మాలుతో ఐదారు సెంటీమీటర్ల లోపల దాకా మూసేయాలి. లేకపోతే అంచు బీము పోసేటప్పుడు కాంక్రీటు రంధ్రాల్లోకి పారిపోతుంది. యార్డులో వానకు తడిసిన పలకల రంధ్రాల్లో నీళ్లు ఉంటాయి. చివరలు మూశాక ఆ నీళ్లు లోపలే చిక్కుకుని నెలల తరబడి సీలింగ్‌కు చెమ్మ మరకలు పెడతాయి. సందు కారుతోందనుకుని పైన తారు పూసేవాళ్లు ఈ మరకల వల్లే మోసపోతారు. ఒక్కో రంధ్రం కింద, చివరకు దగ్గరగా, చిన్న డ్రిల్లు బిట్టుతో తూటు పెట్టి నీళ్లు వదిలేస్తే చాలు. ఫ్యాను కొక్కెం కోసం మాత్రం పలకకు రంధ్రం వేయకూడదు. సందులో రెండు పలకల పై అంచుల మీద అడ్డంగా ఊచ ముక్క వేసి, దానికి కొక్కెం తగిలించి కిందికి వదిలి కాంక్రీటుతో మూస్తే అది గట్టిగా నిలుస్తుంది.

గోడ వెడల్పు 23 సెంటీమీటర్లలో పలక కూర్చున్న పది పోగా పదమూడు మిగిలింది కదా. దాన్ని ఇటుకతో మూసేయడం మామూలుగా జరిగే పని. అక్కడే అంచు బీము రావాలి. బయటి వైపు ఒక చెక్క ఆనించి, పలక మందమంత ఎత్తున, 10 ఎంఎం ఊచలు రెండు, వాటికి చిన్న రింగులతో నాలుగు గోడల చుట్టూ ఆగకుండా కాంక్రీటు పోయాలి. పక్క గోడల మీద పలకలు కూర్చోవు కాబట్టి అక్కడ బీముకు పూర్తి వెడల్పు దొరుకుతుంది. ప్రతి సందులోనూ మీటరు పొడవు 8 ఎంఎం ఊచ ఒకటి పెట్టి దాని కొసను బీములోకి వంచాలి. రెండు గదులున్న చోట మధ్య గోడ మీదుగా ఆ ఊచ ఒక గది సందులోంచి ఇంకో గది సందులోకి దాటాలి. అది లేకపోతే పలకలు వంగినప్పుడు మధ్య గోడ మీద కాంక్రీటు పైభాగం తెరుచుకుంటుంది. వాన మొదటగా దిగేది ఆ పగుల్లోంచే.

ఈ ఊచలకూ బీముకూ ఇంకో పని ఉంది. ఈ తీరంలో కట్టడాల లెక్కకు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి బల్లపరుపు కప్పును చదరపు మీటరుకు ఉజ్జాయింపుగా 150 కిలోల బలంతో పైకి పీలుస్తుంది, అంచుల దగ్గరా మూలల దగ్గరా దానికి రెట్టింపు ఉండవచ్చు. సిమెంటు రేకు బరువు కూడా చదరపు మీటరుకు పదిహేను కిలోల చిల్లరే, అందుకే ఎగిరిపోతుంది. మన కప్పు బరువు చదరపు మీటరుకు 350 కిలోలు దాటుతుంది కాబట్టి ఎగరదు. కానీ మూలల దగ్గర మిగిలే తేడా తక్కువ. పైగా గాలికి గోడలు ఊగినప్పుడు వాటిని పట్టి ఉంచాల్సింది ఈ కప్పే. నాలుగు మూలలా గోడ లోపల నుంచి మూడడుగుల పొడవు ఊచ ఒకటి నిలువుగా లేపి అంచు బీములోకి వంచితే కప్పూ గోడా ఒక ముక్కగా పనిచేస్తాయి. ఇది గోడ కట్టేటప్పుడే పెట్టాల్సిన ఊచ. పలకలు వచ్చాక గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

అచ్చులోంచి వచ్చిన పలకలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఒకటి నడుములో రెండు మిల్లీమీటర్లు పైకి, ఇంకోటి కిందికి ఉండవచ్చు. అలాగే పరిస్తే కింద సీలింగ్ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పలకలన్నీ పరిచాక గది మధ్యలో అడ్డంగా ఒక చెక్క దూలం, దాని కింద రెండు మూడు బాదులు పెట్టి చెక్క మేకులు కొట్టి బిగిస్తే అడుగులన్నీ ఒక మట్టానికి వస్తాయి. సందుల కాంక్రీటు గట్టిపడే వారం రోజులూ ఆ బాదులు అలాగే ఉంచాలి. సెంట్రింగ్ లేకపోవడమే ఈ పద్ధతి లాభం అన్నది నిజమే కానీ, ఈ రెండు మూడు బాదులు కూడా వద్దనుకోవడం అత్యాశ.

పై పొర నాలుగు సెంటీమీటర్లు చాలు. అందులో 6 ఎంఎం ఊచల జాలీ జానెడు దూరాన వేసి, సందులు, అంచు బీము పోసిన రోజే దాన్నీ పోసేస్తే అన్నీ కలిసి ఒక్క ముద్దవుతాయి. రెండు రోజుల తేడాతో పోస్తే పలకల పైముఖాన్ని మళ్లీ గీకి, కడిగి, తడిపాకే పోయాలి. పనివాళ్లు పోసిన కాంక్రీటంతా ఒకే పలక మీద గుట్టగా దింపకుండా ఎప్పటికప్పుడు పరుచుకుంటూ పోవాలి, ఎందుకంటే సందులు ఆరే దాకా ఏ పలక బరువు దానిదే. ఆ తర్వాత నీటి వాటం కోసం వేసే మాలు మామూలు డాబాకు వేసినట్టే.

తడపడం పూర్తయ్యాక చుట్టూ మాలుతో చిన్న గట్టు కట్టి రెండంగుళాల నీళ్లు మూడు రోజులు నిలబెట్టి చూడాలి. కింద కనిపించే మరక ఎక్కడుందో దాన్ని బట్టే కారణం తెలిసిపోతుంది. అడుగు దూరానికి ఒకటి చొప్పున వరసగా గీతల్లా చెమ్మ దిగితే సందులు సరిగా నిండలేదు. గోడ అంచు వెంబడి దిగితే పలక చివర కొద్దిగా తిరుగుతోంది, అంటే కింద పరుపులోనో అంచు ఊచల్లోనో లోపం ఉంది. రంధ్రం ఉన్న చోట గుండ్రటి మరక ఒకటే కనిపిస్తే అది లోపల చిక్కిన పాత నీరు కావచ్చు, తూటు పెట్టి చూస్తే తెలుస్తుంది. నీళ్లు తీసేశాక ఒక మనిషిని పైన పలక నడుము మీద ఎగరమని చెప్పి, కింద సందుకు అటొక వేలు ఇటొక వేలు ఆనించి చూడాలి. ఒక వేలికి అదురు తెలిసి రెండోదానికి తెలియకపోతే ఆ సందులో కాంక్రీటు పక్కలను పట్టుకోలేదు. దాన్ని తవ్వి తీసి మళ్లీ నింపాలి, పైన ఎంత కెమికల్ పూసినా ఆ కదలిక ఆగదు.

ఇంత చేశాక చివర్లో నీళ్ల ట్యాంకు వస్తుంది. 500 లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను, అది గది నడుములో రెండు పలకల మీద కూర్చుంటే మన లెక్కలో లేని బరువు. పలకలు ఆనిన పొడుగు గోడ మూలకు దాన్ని జరిపి, గోడల మీదుగా రెండు చిన్న ఇటుక దిమ్మెలు, వాటి మధ్య ఒక చిన్న పలక వేసి దాని మీద పెడితే ఆ బరువు గోడలోకే దిగుతుంది.